చొక్కా విప్పని కొర్రలు

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. పుస్తకాల కోసం వెళ్లినవాడు పుస్తకంతోనే తిరిగి రావాలన్న నియమం ఏమీ లేదు. నేను ఆ రోజు రెండు పాత వారపత్రికలు, కిలో కొర్రలతో ఇల్లు చేరాను. పక్క సందులో తెరిచి ఉన్న ఒక చిన్న కొట్లో గోనెసంచి నిండా పసుపుపచ్చని సన్నటి గింజలు మెరుస్తూ కనిపించాయి. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. "కంగ్నీ సాబ్, ఎంత కావాలె?" అన్నాడు కొట్టతను. కంగ్నీ అంటే కొర్రలేనని నాకు తెలుసు. ధర సూపర్‌బజారులో చూసినదానికంటే బాగా తక్కువ. తెలివైనవాణ్ణని ఆ సాయంత్రం దాకా అనుకున్నాను.

సాయంత్రం గ్లాసు కొర్రలు కడిగి, రెండు గంటలు నానబెట్టి, కుక్కరులో పెట్టాం. మూడు విజిల్స్ వచ్చాక మూత తీస్తే నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి, గింజలు గింజలుగానే ఉన్నాయి. ఇంకో నాలుగు విజిల్స్ పెట్టాం. కొన్ని పగిలి లోపలి తెల్లటి పిండి బయటపడింది కానీ, నోట్లో పెట్టుకుంటే గాజుపెంకుల్లాంటి పొట్టు నాలుక్కి గుచ్చుకుంది. పై అంతస్తులో ఉండే పిల్లవాడు ఏదో పని మీద వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు. "అంకుల్, ఇవి మా లవ్‌బర్డ్స్‌కి వేసేవి కదా! మీరు తింటున్నారేంటి?" అన్నాడు. వాడి మాటలో వెటకారం లేదు, నిజమైన ఆశ్చర్యమే.

వాడి వెంట వెళ్లి ఆ పంజరం చూశాను. గింజల గిన్నె నిండుగానే కనిపించింది. పిల్లవాడు మూతి దగ్గరగా పెట్టి ఒక్కసారి ఊదాడు. పైపొరంతా ఎగిరిపోయింది. అది గింజలు కాదు, ఉత్త పొట్టు. పిట్ట గింజను ముక్కుతో పట్టుకుని, ఒక్క తిప్పు తిప్పి, పొట్టు వదిలేసి లోపలి పలుకు మాత్రం మింగుతుంది. ఊదకపోతే గిన్నె నిండుగా ఉందనుకుని పిట్టను పస్తు పెడతామట, కొత్తగా పెంచేవాళ్లు చేసే పొరపాటు అదేనట. నేను చేసిందీ దాదాపు అలాంటి పొరపాటే. పిట్ట ముక్కు చేసే పనిని కుక్కరు చేస్తుందనుకున్నాను.

ఆ పొట్టు దగ్గరే అసలు సంగతంతా ఉంది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక కొర్రలు, సజ్జలు, రాగులు ఒకే అరలోకి, ఒకే పేరు కిందికి చేరిపోయాయి. అన్నీ చిరుధాన్యాలే. ఇప్పుడు నాంపల్లిలో జనవరిలో జరిగే నుమాయిష్‌కి వెళ్లినా, అబిడ్స్‌లో ఏ కిరాణా కొట్టుకి వెళ్లినా మూడూ ఒకే కొలత సంచుల్లో, ఒకే రంగు చీటీతో దొరుకుతాయి. నా దగ్గరున్న మూడు ప్యాకెట్ల వెనక, కంపెనీ పేరెందుకు గాని, ఒకే వాక్యం ముద్రించి ఉంది: ఆరు గంటలు నానబెట్టండి, ఒకటికి మూడు నీళ్లు పోయండి. ఆ లెక్కన కొర్రలు వండితే ముద్ద అవుతుంది. సజ్జలు వండితే ఉడికీ ఉడకనట్టు ఉంటాయి. రాగులు వండితే ఏమవుతుందో చెప్పడానికి తెలుగులో మాట లేదు, ఎందుకంటే రాగుల్ని గింజలుగా అన్నం వండాలని మన పెద్దవాళ్లెవరూ అనుకోలేదు.

మూడింటికీ తేడా ఎక్కడంటే ఒంటి మీద ఉన్నదాంట్లో. కొర్ర చొక్కా తొడుక్కుని పుడుతుంది. వరి లాగే దానికి గట్టి పైపొట్టు, అది గింజకు అతుక్కోకుండా తొడిగినట్టు ఉంటుంది. మరపట్టించి ఆ చొక్కా విప్పితే లోపల కొర్రబియ్యం వస్తుంది. మనం వండుకునేది అది. సజ్జకు చొక్కా లేదు. కంకిని నూర్చగానే గింజ ఉత్త ఒంటితో రాలుతుంది, తినడానికి సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ తోలు మందం. రాగికీ నూర్పిడితో పైపొర ఊడిపోతుంది. లోపలి ఎర్రటి తోలు మాత్రం గింజకు ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందంటే, దాన్ని తీయబోతే గింజే పిండి అయిపోతుంది. కడగడం, నానబెట్టడం, నీళ్ల లెక్క అన్నీ ఈ ఒక్క తేడాలోంచే పుడతాయి. అది తెలిస్తే ప్యాకెట్ వెనక చూడాల్సిన పని లేదు.

ముందు కొర్రల సంగతి. మనుషులు తినే కొర్రబియ్యం మెరవదు. మెరిస్తే చొక్కా ఇంకా విప్పలేదని అర్థం. చొక్కా తీసిన గింజ లేత పసుపుగా, కాస్త మసకగా, రవ్వలాగా ఉంటుంది. వాటిలో కూడా మరీ తెల్లగా, ఒకే తీరుగా ఉన్నవి పాలిష్ పట్టినవి. ముదురు పసుపులో, అక్కడక్కడ మచ్చలతో ఉన్నవి తవుడు మిగిలినవి. ఈ రెండింటికీ నీళ్ల లెక్క వేరని ముందే చెప్పుకోవాలి. వాసన కూడా చూడాలి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి పాతబడ్డ కొర్రలు పాత నూనె డబ్బా మూత తీసినట్టు వాసన వేస్తాయి. ఆ వాసన కడిగితే పోదు.

కొర్రలు కడగడం ఊరికే నీళ్లు పోసి వంపేయడం కాదు. ఇసుక రేణువు, కొర్రగింజ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. చాటకు దొరకదు, జల్లెడకు దొరకదు. మన పెద్దవాళ్లు దీనికి గాలించడం అనే మాట వాడారు, ఇప్పుడు ఆ మాట వార్తల్లో పోలీసులకే మిగిలింది. వెడల్పాటి గిన్నెలో కొర్రలు పోసి, నిండా నీళ్లు పోసి, చేత్తో ఒకసారి కలిపి వదిలితే పొట్టు విప్పని గింజలు, తాలు పైకి తేలతాయి. వాటిని ముందు వంపేయాలి. తర్వాత గిన్నెను అటూ ఇటూ ఊపుతూ, నీళ్లతో పాటు కొర్రల్ని కొంచెం కొంచెంగా ఇంకో గిన్నెలోకి జారవిడవాలి. బరువైన ఇసుక అడుగునే ఉండిపోతుంది. చివరి రెండు చెంచాల కొర్రల్ని ఆశపడి వంపకూడదు. రాళ్లుండేది అందులోనే. ఆ రెండు చెంచాలు పిచ్చుకలకు వేస్తే దోషమేమీ లేదు. ఇలా ఒకసారి గాలించి, మామూలుగా ఇంకో రెండుసార్లు కడిగితే చాలు. నీళ్లు అద్దంలా తేరేదాకా రుద్దితే మిగిలిన తవుడు కూడా పోతుంది. అంత డబ్బు పెట్టి తవుడున్న కొర్రలు కొన్నది పోగొట్టుకోవడానికి కాదు కదా.

నానబెట్టడం గంట చాలు. పాలిష్ పట్టినవైతే ఇరవై నిమిషాలు. ఆరు గంటలు, ఎనిమిది గంటలు నానినా కొర్రలు పాడైపోవు గాని, అప్పుడు గింజ లోపలికి పోయిన నీరు ఎక్కువ కాబట్టి వండేటప్పుడు పోసే నీళ్లు తగ్గించుకోవాలి. చాలామందికి అన్నం ముద్దయ్యేది ఇక్కడే. నానిన నీళ్లు అలాగే ఉంచి, పైన ప్యాకెట్ మీద చెప్పిన లెక్కంతా పోస్తారు. నానిన నీళ్లు పూర్తిగా వంచి, చిల్లుల గిన్నెలో రెండు నిమిషాలు ఓడనిచ్చి, అప్పుడు కొత్త నీళ్లు కొలిచి పోయాలి. పొడిగా ఉన్నప్పుడు కొలిచిన గ్లాసు కొర్రలకు, గంట నానాక, కుక్కరులో అయితే రెండు గ్లాసులు. మామూలు గిన్నెలో మూత పెట్టి వండితే ఆవిరి పోతుంది కాబట్టి రెండున్నర. అసలు నానబెట్టకుండా హడావుడిగా వండేవాళ్లకు మూడు. పాలిష్ పట్టినవాటికి ఈ లెక్కల్లో పావు గ్లాసు తగ్గించుకోవచ్చు.

కుక్కరులో రెండు విజిల్స్ రాగానే కట్టేసి, ఆవిరి తనంత తాను దిగేదాకా వదిలేయాలి. కుక్కరు సగానికి మించి నింపకూడదు, ఎందుకంటే కొర్రల గంజి బాగా పొంగి నురగ విజిల్ రంధ్రంలోకి వస్తుంది. గిన్నెలో అయితే పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి, పన్నెండు పదిహేను నిమిషాలు, ఆ తర్వాత మంట లేకుండా ఇంకో పది నిమిషాలు. ఈ చివరి పది నిమిషాలు మూత తీసి కలిపితే గింజ విరిగి అతుక్కుపోతుంది. ఉడికిందో లేదో కంటికి తెలియదు, వేళ్లకు తెలుస్తుంది. రెండు గింజలు నలిపితే మధ్యలో సూదిమొనంత పలుకు తగిలితే ఇంకా ఉడకలేదు. అప్పుడు చల్లనీళ్లు కాకుండా అరకప్పు వేడినీళ్లు చిలకరించి మళ్లీ మూత పెట్టాలి. మరీ పగిలి జిగురుగా అయిపోతే దిగులుపడక్కర్లేదు, అందులో పెసరపప్పు, మిరియాలు వేసి పొంగలి అనేయవచ్చు. మా ఇంట్లో చాలా పొంగళ్లు అలా పుట్టినవే. కొర్రన్నం చల్లారితే వరన్నం కంటే తొందరగా గట్టిపడి పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. వేడిగా ఉండగానే తినాలి, లేదా అప్పుడే మజ్జిగ కలిపి పెట్టుకోవాలి.

సజ్జలు ఇంత మర్యాదగా లొంగవు. పల్నాటి సీమ మీద శ్రీనాథుడు చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటుపద్యంలో సజ్జకూడును రాళ్లూ పాములూ తేళ్ల వరసలో చేర్చారు. కవిసార్వభౌముడికి అది ఎవరు, ఎలా వండిపెట్టారో మనకు తెలియదు. దంచకుండా వండిపెట్టి ఉంటారని నా అనుమానం. మా పెద్దమ్మది మాచర్ల దగ్గర పల్లె. సజ్జల సంగతి వస్తే ఆమె ఒకటే అనేది: "నానబెట్టి కూర్చుంటే సజ్జ లొంగదురా అబ్బాయ్. దంచితే లొంగుతుంది."

ఆమె చేసేది ఇలా ఉండేది. సజ్జలు కడిగి, నీళ్లు వంపేసి, పది పదిహేను నిమిషాలు తడిగా ఉంచేది, నానబెట్టడం కాదు. తోలు మెత్తబడాలి, లోపలి పలుకు గట్టిగానే ఉండాలి. రోట్లో పోసి దంచితే తోలు పొరలుగా ఊడి వచ్చేది. చాటతో చెరిగి ఆ పొట్టు తీసేసి, మళ్లీ దంచి నూక చేసేది. గంటల తరబడి నానబెడితే పలుకు కూడా మెత్తబడి, రోట్లో తోలూ పలుకూ కలిసి ముద్దవుతాయి. అంటే సజ్జ నూక కావాలంటే ఎక్కువ నానబెట్టడమే తప్పు. అబిడ్స్ అపార్ట్‌మెంట్లో రోలూ రోకలీ ఎక్కడివి అనకండి. తడి సజ్జల్ని బట్ట మీద పది నిమిషాలు ఆరనిచ్చి, మిక్సీలో ఒక్కో క్షణం చొప్పున నాలుగైదుసార్లు తిప్పి ఆపితే చాలు. ఆగకుండా తిప్పితే పిండి. పొట్టు చెరగడానికి చాట లేకపోతే బాల్కనీలో ఫ్యాను ముందు రెండు పళ్లాల మధ్య ఎత్తిపోసినా ఎగిరిపోతుంది, కాకపోతే పక్కింటివాళ్లు బట్టలు ఆరేయని పూట చూసుకోవాలి.

ఈ నూకకు ఒకటికి నాలుగు నీళ్లు. ఎసరు మరిగాక నూక ఒక చేత్తో జారవిడుస్తూ ఇంకో చేత్తో తిప్పుతూ ఉండాలి. మంట తగ్గించి మధ్యమధ్య అడుగు కలుపుతూ అరగంట ఉడికిస్తే సంకటిగా దగ్గరపడుతుంది. దంచే ఓపిక లేనివాళ్లు గింజను గింజగానే వండుకోవచ్చు. అప్పుడు మాత్రం రాత్రంతా, ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా నానాలి. నానిందో లేదో తెలియడానికి గోటితో నొక్కాలి. గోరు దిగి, లోపల తెల్లటి పిండి పొడిగా కాకుండా తడిగా కనిపించాలి. హైదరాబాద్ మే నెల రాత్రుల్లో నీళ్ల మీద సన్నటి నురగ, పులిసిన వాసన వచ్చేస్తాయి కాబట్టి పడుకునే ముందు ఒకసారి నీళ్లు మార్చాలి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, గ్లాసుకు మూడు గ్లాసుల కొత్తనీళ్లు, కుక్కరులో అయిదారు విజిల్స్. ఇంత చేసినా అది అన్నంలా మెత్తగా అవుతుందనుకోకండి. పంటికింద సాగుతూ, గుగ్గిళ్లకూ అన్నానికీ మధ్య ఏదోగా ఉంటుంది. తాలింపు వేసుకుని తినడానికి బాగుంటుంది, పప్పు కలుపుకోవడానికి బాగుండదు.

సజ్జపిండి విషయంలో ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోకూడదు. మూడింటిలో నూనె ఎక్కువున్నది ఇదే, నూరు గ్రాముల్లో అయిదు గ్రాములకు పైనే. ఆ నూనెను విరగ్గొట్టే గుణం ఉన్న పదార్థం కూడా ఆ గింజలోనే ఉంది. గింజ గింజగా ఉన్నన్నాళ్లు ఇవి రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టు ఉంటాయి. పిండి పట్టించగానే గోడలు కూలి కలిసిపోతాయి. వారం పది రోజుల్లో పిండి చేదెక్కి వాసన వేస్తుంది. రొట్టె చేదుగా ఉందని సజ్జలు మంచివి కావని తిట్టుకుంటాం. గింజ మంచిదే, పిండి వయసు ఎక్కువైంది. నాలుగు రోజులకు సరిపడా పట్టించుకోవడం, లేకపోతే పిండిని ఫ్రిజ్‌లో పెట్టుకోవడం, ఇవే దారులు. గింజల్ని మరుగుతున్న నీళ్లలో కాసేపు ముంచి తీసి, బాగా ఎండబెట్టి పట్టిస్తే ఆ విరగ్గొట్టే గుణం చచ్చి పిండి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ప్యాకెట్ పిండి కొనేవాళ్లు గడువు తేదీ కాకుండా ఆడించిన తేదీ చూడాలి. మూడు నెలల కిందటి సజ్జపిండి గడువులోనే ఉండి కూడా చేదుగా ఉండగలదు.

ఇక రాగుల కోసం అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడవాలి. ఎండాకాలం స్టేషన్ వైపు వెళ్లే దారిలో బండి మీద పెద్ద స్టీలు డ్రమ్ము, పక్కన ఉల్లిపాయ ముక్కలు, ఊరబెట్టిన మిరపకాయలు పెట్టుకుని అంబలి అమ్మేవాళ్లు కనిపిస్తారు. మూడు ధాన్యాల్లో ఎక్కువ పేర్లున్నది కూడా దీనికే. ఆ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగిన ఉత్తరాంధ్రవాళ్లు చోళ్లు అంటారు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు తైదలు అంటారు, రాయలసీమవాళ్లు రాగులు అంటారు. గ్లాసు చేతికి వచ్చాక ముగ్గురూ ఒకేలా తాగుతారు.

బండి దగ్గర నిలబడి ఒక గ్లాసు తాగాను. ఉండ లేదు, జిగట లేదు. మా ఇంట్లో జావలో చెంచా తిప్పితే గోళీకాయలు తగులుతాయని చెప్పాను. అంబలి పోస్తున్నావిడ నవ్వింది. "మసిలే నీళ్లల్ల పిండి ఏస్తున్నరా సార్? అట్లయితే ఉండలే గడ్తయి. సల్లనీళ్లల్ల పిండి మంచిగ కలుపుకొని, అది ఎసర్ల పొయ్యాలె. పోసుకుంట తిప్పాలె." ఇంకో మాట కూడా అంది: "రాత్రి కలిపి పెడితె పొద్దుగాల పులుస్తది. గప్పుడే అంబలి. లేకుంటె ఉత్త జావనే."

ఆవిడ చెప్పిన రెండు ముక్కల్లోనే రాగుల శాస్త్రం ఉంది. రాగిపిండి మరిగే నీళ్లను తాకగానే పైపొర ఉడికి జిగురు కవచమవుతుంది, లోపలి పొడిపిండికి ఇక నీరు అందదు. ఆ కవచం పేరే ఉండ. చల్లనీళ్లలో కలిపితే ప్రతి రేణువూ ముందే తడిసి విడిపోతుంది. జావకు రెండు పెద్ద చెంచాల పిండికి, చెంచాతో కొలిస్తే పదహారు చెంచాల నీళ్లు, అంటే మొత్తం ఒకటికి ఎనిమిది. అందులో కొన్ని చల్లగా ఉంచుకుని పిండి కలపాలి, మిగిలినవి ఎసరు పెట్టాలి. పోశాక అయిదారు నిమిషాలు ఉడకాలి. రంగు లేత బూడిదలోంచి ముదురు చాక్లెట్ రంగుకు తిరిగి, మెరుపు వస్తే ఉడికినట్టు. పచ్చివాసన కూడా అప్పుడే పోతుంది. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద కాస్త పలుచగా ఉన్నప్పుడే దించాలి.

సంకటి దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం తలకిందులవుతుంది, అది నాకు చాలాకాలం అర్థం కాలేదు. అరగ్లాసు బియ్యం మూడున్నర గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, నీరు ఇంకా ఉండగానే గ్లాసు రాగిపిండి పొడిగా పైన కుప్పపోస్తారు. కలపరు. కట్టెతో మధ్యలో ఒక రంధ్రం చేసి, మూత పెట్టి, సన్నమంట మీద అయిదారు నిమిషాలు వదిలేస్తారు. ఆవిరి ఆ కుప్పలోంచి పైకి పాకి పిండి వేడెక్కుతుంది. తర్వాత గిన్నెను కాళ్ల మధ్య బిగించి కట్టెతో గెలికితే, చిక్కటి ముద్దలో ఉండలు గిన్నె గోడకు ఒత్తుకుని నలిగిపోతాయి. జావ పలుచన కాబట్టి ఉండ తప్పించుకుని తిరుగుతుంది, సంకటిలో దానికి తప్పించుకునే చోటుండదు. అందుకే ఇక్కడ నీళ్ల లెక్క కంటే భుజబలం ముఖ్యం. కలిపేటప్పుడు లోపల తెల్లటి పొడి చారలు కనిపిస్తే ఇంకో నిమిషం మంట మీద పెట్టి మళ్లీ గెలకాలి. తడిచేత్తో ముట్టుకుంటే అంటుకోకపోతే అయినట్టు.

రాగుల్ని కడగడం గింజగా ఉండగానే, పట్టించేముందే. నాలుగైదుసార్లు కడిగాక కూడా నీళ్లు లేత ఎరుపుగా వస్తూనే ఉంటాయి. అది మట్టి కాదు, తోలు రంగు. మట్టి గిన్నె అడుగున తేరుకుంటుంది, రంగు తేరుకోదు, తేడా అలా తెలుస్తుంది. అడుగు శుభ్రంగా ఉంటే కడగడం ఆపేయవచ్చు. రాగుల్ని నానబెట్టేది మెత్తబడటానికి కాదు, మొలకెత్తించడానికి. పన్నెండు గంటలు నానబెట్టి, బట్టలో మూటకట్టి, ఒకటిన్నర రోజు తడి ఆరకుండా చూస్తే దారప్పోగులంత మొలకలొస్తాయి. వాటిని ఎండబెట్టి, దోరగా వేయించి, పట్టిస్తే అదే మాల్ట్. మొలకెత్తేటప్పుడు గింజ తన పిండిని తానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి ఈ పిండితో చేసిన జావ అంత తొందరగా చిక్కబడదు. అదే గ్లాసు పలుచదనానికి రెండింతల దాకా పిండి వేయవచ్చు. చిన్న పొట్ట ఉన్న పసిపిల్లలకు మాల్ట్ పెట్టడంలో ఉన్న కారణం అది. బూజు వాసన వచ్చిన మొలకల్ని మాత్రం మొహమాటం లేకుండా పారేయాలి.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. సజ్జలు, కొర్రల్లో అందులో పదోవంతు కూడా లేదు. అయితే రెండు చెంచాల పిండి అంటే ఇరవై గ్రాములు, అంటే గ్లాసు జావలో డెబ్బై మిల్లీగ్రాములు. మంచిదే, కానీ అదొక్కటే ఎముకలు నిలబెడుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. నూనె రాగుల్లో రెండు శాతానికి లోపే. అందుకే రాగిపిండి డబ్బాలో నెలల తరబడి పడి ఉన్నా పలకదు, సజ్జపిండి వారానికే అలుగుతుంది.

చిరుధాన్యాలు ప్యాకెట్లలో అమ్మేవాళ్లకు ఒక విన్నపం. వెనకవైపు ఆరోగ్య సూక్తులకు ఇచ్చిన చోటులో సగం వంటకు ఇవ్వండి. కొర్రల ప్యాకెట్ మీద పాలిష్ పట్టినవో కావో, గంట నానితే రెండు నీళ్లని వేయండి. సజ్జల మీద రాత్రి నానబెట్టి మూడు నీళ్లని, నూకకైతే నాలుగని వేయండి. సజ్జపిండి మీద ఆడించిన తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి. రాగిపిండి మీద ముందు చల్లనీళ్లలో కలపమని ఒక్క ముక్క చాలు. పిట్టల గింజలు అమ్మే కొట్లవాళ్లు గోనెసంచి మీద బొమ్మ ఒకటి అతికిస్తే నాలాంటివాళ్లకు చదువు కూడా అక్కర్లేదు.

మిగిలిన ముప్పావు కిలో కొర్రలు పై అంతస్తుకు ఇచ్చేశాం. ఇరవై రోజులు వచ్చాయట.